ప్రకటన ఆగింది, తప్పు ఎక్కడుంది?



ఇంటర్నెట్‌లో ప్రకటనలిచ్చే చిన్న వ్యాపారుల దగ్గర తరచుగా వినబడే మాట ఒకటుంది. "నిన్నటిదాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయండీ. ఇవాళ పొద్దున్నుంచి ఒక్కటీ రాలేదు. ప్రకటనలో ఏం తప్పుందో కాస్త చూసిపెట్టండి." తీరా చూస్తే ప్రకటన బాగానే ఉంటుంది. ఫొటో అదే, మాటలూ అవే. చిక్కంతా డబ్బు వెళ్లే దారిలో ఉంటుంది. నిల్వ అయిపోయి ఉంటుంది, లేదా కార్డు నుంచి డబ్బు పడక వెనక్కి వచ్చి ఉంటుంది. అదీ సరిగ్గా పండగ ముందు, అమ్మకాలు ఊపందుకున్న రోజుల్లో జరుగుతుంది. అప్పుడే జరగడానికీ ఒక కారణముంది. గూగుల్ ప్రకటనలను ఉదాహరణగా తీసుకుని ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం ఉందనుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. దసరా కోసం గూగుల్‌లో ప్రకటన పెట్టారు. ఈ దుకాణం యజమాని మూడు అంకెలను విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది రోజువారీ బడ్జెట్, అంటే రోజుకు సుమారు ఎంత ఖర్చు చేయమని ఆయన చెప్పాడో అది. రెండోది థ్రెషోల్డ్, అంటే బాకీ ఎంతకు చేరగానే గూగుల్ డబ్బు వసూలు చేసుకుంటుందో ఆ గీత. మూడోది బ్యాంకు గీత, అంటే మనం ఓటీపీ కొట్టకుండా కార్డు నుంచి ఒక్కసారిగా ఎంత పోనిస్తుందో ఆ మొత్తం. బడ్జెట్ మన చేతిలో ఉంటుంది, థ్రెషోల్డ్ గూగుల్ చేతిలో, మూడోది బ్యాంకు చేతిలో. ఈ మూడింటినీ ఒకటే అనుకోవడంతోనే చిక్కులు మొదలవుతాయి.

ముందు ప్రీపెయిడ్ చూద్దాం. గూగుల్ దీన్ని మాన్యువల్ పేమెంట్స్ అంటుంది. ముందుగా యూపీఐ ద్వారానో, నెట్ బ్యాంకింగ్ ద్వారానో, కార్డుతోనో డబ్బు వేస్తాం. ఎవరైనా ప్రకటన మీద నొక్కినప్పుడల్లా ఆ నిల్వలోంచి కొంత తరుగుతుంది. నిల్వ అయిపోతే ప్రకటన ఆగుతుంది, మళ్లీ వేస్తే మొదలవుతుంది. ఇక్కడ థ్రెషోల్డ్ లేదు, పేరుకుపోయే బాకీ లేదు, మనకు తెలియకుండా కార్డు మీద పడే కోత లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇది నిశ్చింతగా అనిపించడానికి కారణం ఇదే.

అయినా మొదటి రోజే ఒక అనుమానం వస్తుంది. వెయ్యి రూపాయలు వేస్తే ఖాతాలో 847 రూపాయల 46 పైసలే కనిపిస్తాయి. మిగతా 152 రూపాయల 54 పైసలు ఎటు పోయాయి? అది 18 శాతం జీఎస్టీ. వెయ్యిలోంచి 18 శాతం తీస్తే 180 కదా, 152 ఏమిటని అడుగుతారు. ఆ వెయ్యి పన్నుతో కలిపిన మొత్తం. 847 రూపాయల 46 పైసలకు 18 శాతం కలిపితే వెయ్యి అవుతుంది. అందుకే ప్రకటనల మీద నికరంగా 10,000 ఖర్చు పెట్టాలనుకున్నవారు 11,800 వేయాలి. ఇంకా ఒక్క క్లిక్కూ రాకముందే పన్నెందుకంటే, సేవల విషయంలో జీఎస్టీ చట్టం అలా ఉంది. ఇన్వాయిస్ ఇచ్చినా, అడ్వాన్సు అందినా, ఏది ముందైతే అప్పుడే పన్ను బాధ్యత మొదలవుతుంది. సరుకుల అడ్వాన్సుకు ఇచ్చిన సడలింపు సేవలకు లేదు.

రెండో అనుమానం లెక్క దగ్గర వస్తుంది. మంగళగిరి దుకాణం 11,800 వేసింది, ఖాతాలో 10,000 చేరింది. రోజువారీ బడ్జెట్ 1,000. అంటే పది రోజులు వస్తుందని యజమాని లెక్క కట్టాడు. ఏడో రోజుకే అయిపోయింది. మోసమేమీ లేదు. గూగుల్‌లో రోజువారీ బడ్జెట్ సగటు మాత్రమే. గిరాకీ ఎక్కువున్న రోజున ఆ అంకెకు రెట్టింపు దాకా ఖర్చు పెట్టవచ్చు. తక్కువున్న రోజున తగ్గించి, నెల మొత్తం మీద రోజువారీ బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటకుండా చూస్తుంది. రోజుకు 1,000 అంటే నెలకు 30,400 అన్నమాట. ఆ లెక్క నెల చివరికి సరిపోతుంది, మన పది రోజుల నిల్వకు సరిపోదు. దసరా ముందు శని, ఆదివారాల్లో రోజుకు 2,000 చొప్పున పోతే నిల్వ ముందే ఖాళీ అవుతుంది. అందుకే పండగ వారానికి ప్రీపెయిడ్ నిల్వ ఆ వారం బడ్జెట్‌కు రెట్టింపు ఉండేలా చూసుకోవడం మంచిది.

నిల్వ సున్నా అయిన క్షణానికే లెక్క ఆగిపోదు. ప్రకటన ఆగేలోపు పడిన క్లిక్కులు కొన్ని ఆలస్యంగా లెక్కకొస్తాయి. దాంతో ఖాతాలో పది రూపాయలో, వంద రూపాయలో బాకీ కనిపించవచ్చు. తర్వాత వేసే డబ్బులోంచి ముందు ఆ బాకీ తీరుతుంది. ఇక యూపీఐలో డబ్బు పోయింది, ఖాతాలో చేరలేదు అన్న ఫిర్యాదు. వ్యాపారి దగ్గరికి డబ్బు చేరినట్టు నిర్ధారణ కాకపోతే, రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 5 రోజుల్లోగా అది దానంతటదే వెనక్కి రావాలి. కంగారుపడి అదే మొత్తాన్ని మళ్లీ మళ్లీ పంపకూడదు.

ఇప్పుడు పోస్ట్‌పెయిడ్‌కు వద్దాం. గూగుల్ పేరు ఆటోమేటిక్ పేమెంట్స్. ముందు ప్రకటనలు నడుస్తాయి, తర్వాత డబ్బు కడతాం. అయితే గూగుల్ మనకు అప్పు ఎంతవరకు ఇస్తుంది? ఊళ్లో కిరాణా కొట్టాయన కొత్తగా వచ్చిన ఇంటివారికి ముందు వంద రూపాయల పద్దు రాస్తాడు. రెండు మూడు సార్లు సకాలంలో కడితే ఐదొందలదాకా రానిస్తాడు. థ్రెషోల్డ్ కూడా అలాగే నడుస్తుంది. కొత్త ఖాతాకు చిన్న గీత ఉంటుంది. బాకీ ఆ గీతను తాకగానే కార్డు నుంచి డబ్బు తీసుకుంటారు. సాఫీగా పడుతూ ఉంటే గీత మెట్లు మెట్లుగా పైకి వెళుతుంది. నెలంతా గీతను తాకకపోయినా బాకీ ఉన్నంత మొత్తాన్ని నెల మొదటి తేదీన వసూలు చేస్తారు. రెండింటిలో ఏది ముందొస్తే అది.

ఇందులో జనం ఎక్కువగా పొరపడేది ఒక్క చోట. థ్రెషోల్డ్‌ను ఖర్చుకు హద్దు అనుకుంటారు. "ఐదు వేలు దాటదు కదా" అంటారు. దాటుతుంది. థ్రెషోల్డ్ ఖర్చును ఆపదు, వసూలు చేసే సమయాన్ని మాత్రమే చెబుతుంది. ఖర్చుకు హద్దు వేసేది బడ్జెట్. పైగా బాకీ గీతను తాకాక కార్డు మీద కోత పడేలోపు క్లిక్కులు వస్తూనే ఉంటాయి కాబట్టి, 5,000 గీత ఉన్నా 5,300 పడవచ్చు. రోజువారీ బడ్జెట్ ఎంత పెద్దదైతే ఈ తేడా అంత పెరుగుతుంది.

మన దుకాణాన్ని పోస్ట్‌పెయిడ్‌లో పెట్టి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే, ఎవరి ఖాతా గీత వారిది. పన్ను సంగతి కాసేపు పక్కన పెడదాం. థ్రెషోల్డ్ 5,000, రోజువారీ బడ్జెట్ 1,000. ఐదు రోజులకోసారి ఐదు వేలు కార్డు నుంచి పోతున్నాయి. అంతా సాఫీగా ఉంది. కొన్నాళ్లకు గీత 10,000 అయింది, ఆ కోతలూ పడ్డాయి. దసరా దగ్గరపడింది. యజమాని బడ్జెట్‌ను రోజుకు 4,000కు పెంచాడు. ఈలోగా గీత 20,000కు చేరింది. ఐదు రోజుల్లో బాకీ 20,000 అయింది. గూగుల్ ఆ మొత్తం అడిగింది. బ్యాంకు కాదంది. ప్రకటనలన్నీ ఆగిపోయాయి. "నా కార్డుకు లక్ష రూపాయల లిమిట్ ఉంది, ఎందుకు ఆగింది?" అని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఇక్కడే మూడో అంకె బయటపడుతుంది. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు మన దేశంలో కార్డుల నుంచి దానంతటదే పోయే చెల్లింపులకు గట్టి నియమాలు పెట్టింది. ముందు మనం ఓటీపీతో అనుమతి ఇవ్వాలి, కోతకు 24 గంటల ముందు బ్యాంకు మనకు సందేశం పంపాలి. ఓటీపీ లేకుండా పోగలిగే మొత్తం మొదట్లో 5,000 ఉండేది, 2022 జూన్‌లో దాన్ని 15,000 చేశారు. మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం లాంటి కొన్నింటికే అంతకంటే పెద్ద గీత ఇచ్చారు, ప్రకటనలు ఆ జాబితాలో లేవు. కాబట్టి 10,000 కోత పడింది, 20,000 కోత పడలేదు. కార్డు లిమిట్ లక్షయినా పదిలక్షలైనా ఇక్కడ తేడా రాదు. సకాలంలో కట్టి మంచి పేరు తెచ్చుకున్నందువల్లే గీత పెరిగింది, ఆ గీత పెరగడం వల్లే చెల్లింపు ఆగింది. పండగ ముందే ఇది ఎందుకు జరుగుతుందో ఇప్పుడు అర్థమవుతోంది కదా. బడ్జెట్ పెంచేదీ అప్పుడే, బాకీ పెద్ద గీతను తాకేదీ అప్పుడే.

దీనికి మందు తేలికే. బాకీ 15,000 దగ్గరికి రాకముందే మనమే ఖాతాలోకి వెళ్లి, ఓటీపీ కొట్టి కట్టేయవచ్చు. పోస్ట్‌పెయిడ్ ఖాతాలోనూ గడువుకు ముందే కట్టే వీలుంది. రోజుకు 4,000 పోయే వారంలో మూడు రోజులకోసారి పన్నెండు వేలు కడితే బాకీ ఎప్పుడూ పెద్ద గీత దాకా వెళ్లదు. దాంతోపాటు బిల్లింగ్‌లో రెండో కార్డును బ్యాకప్‌గా పెట్టుకోండి. మొదటిది విఫలమైతే దాన్ని ప్రయత్నిస్తారు. కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు దాన్నీ కొత్తగా నమోదు చేయాలి. పాత అనుమతి కొత్త కార్డుకు దానంతటదే వస్తుందని నమ్ముకోవద్దు.

ఆగింది డబ్బు వల్లేనా, మరేదైనానా అని ఎలా పోల్చుకోవాలి? నియమాలకు విరుద్ధమని గూగుల్ ఆపితే సాధారణంగా ఏదో ఒక ప్రకటన మీద ఆ గుర్తు పడుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. డబ్బు వల్ల ఆగితే ఖాతాలోని ప్రకటనలన్నీ ఒకే గంటలో సున్నా అవుతాయి. గంటలవారీ లెక్క తీసి చూస్తే, పదకొండింటి వరకు వందల్లో ఉన్న అంకెలు పన్నెండింటికి సున్నాకు పడిపోయి కనిపిస్తాయి. గిరాకీ తగ్గడం అంత నిలువుగా ఉండదు, మెల్లగా జారుతుంది. ఖాతా పైభాగంలో హెచ్చరిక కనిపిస్తుంది, ఈమెయిల్ వస్తుంది. ఆ ఈమెయిల్ చాలాసార్లు ఖాతా తెరిచిన కుర్రాడికో, ఏజెన్సీకో వెళుతుంది, యజమాని కంటపడదు. బిల్లింగ్ సందేశాలు తన ఈమెయిల్‌కు కూడా వచ్చేలా యజమాని ముందే చూసుకోవాలి.

ఆగిన తర్వాత చేయాల్సింది బాకీ మొత్తం కట్టడం. కార్డుతో కడితే ప్రకటనలు సాధారణంగా త్వరగానే మొదలవుతాయి. బ్యాంకు బదిలీ అయితే డబ్బు చేరేదాకా ఆగాలి. అలాగే చేయకూడనివీ రెండు ఉన్నాయి. విఫలమైన కార్డునే పదేపదే నొక్కకూడదు. అలా నొక్కితే బ్యాంకు అనుమానించి కార్డునే ఆపేయవచ్చు. ఒకసారి బ్యాంకుకు ఫోన్ చేసి కారణం కనుక్కుంటే పని తేలుతుంది. ఇక పాత ఖాతాలో బాకీ వదిలేసి కొత్త ఖాతా తెరవకూడదు. బాకీ తీర్చని ఖాతాను గూగుల్ సస్పెండ్ చేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి తెరిచిన ఖాతానూ వదలదు. ఇరవై వేల బాకీ కోసం వ్యాపారం పేరే ఇరుక్కుంటుంది.

ఇప్పటిదాకా ఆగిపోయే డబ్బు సంగతి. ఇక తిరిగి రాబట్టుకోగల డబ్బు సంగతికి వద్దాం. అది ఇన్వాయిస్‌లో ఉంటుంది. అక్టోబర్‌లో మన దుకాణం ప్రకటనల మీద 40,000 ఖర్చు పెట్టిందనుకుందాం. దాని మీద 18 శాతం, అంటే 7,200 జీఎస్టీ. మొత్తం 47,200. భారతదేశంలోని ప్రకటనదారులకు గూగుల్ ఇండియా ఇన్వాయిస్ హర్యానాలోని గురుగ్రామ్ నుంచి వస్తుంది. దుకాణం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రాష్ట్రం దాటిన సేవ కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు ముక్కలు కాకుండా ఐజీఎస్టీ అని ఒకే వరుసలో 7,200 ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవారికీ అంతే.

ఈ 7,200ను యజమాని వదులుకోనక్కర్లేదు. చీరల మీద ఆయన వసూలు చేసే జీఎస్టీ 5 శాతం. లక్షా నలభై నాలుగు వేల అమ్మకం మీద కట్టాల్సిన పన్ను 7,200. ప్రకటనల మీద కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటే, అంత అమ్మకం మీద కట్టాల్సిన పన్ను తీరిపోయినట్టే. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి మాత్రం ఈ వీలు లేదు.

అయితే క్రెడిట్ రావాలంటే ఇన్వాయిస్ మీద మన జీఎస్టీ నంబరు ఉండాలి. ఖాతా తెరిచేటప్పుడు చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు గూగుల్ దృష్టిలో మనం రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారులం. ఆ ఇన్వాయిస్ మన జీఎస్టీఆర్-2బీ పట్టికలోకి రాదు. ప్రతి నెలా 14న తయారయ్యే ఆ పట్టికలో లేని పన్నుకు క్రెడిట్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. నవంబర్‌లో గుర్తొచ్చి నంబరు చేర్చినా, అది ఆ తర్వాత వచ్చే ఇన్వాయిస్‌ల మీదే కనిపిస్తుంది. అక్టోబర్ 7,200 పోయినట్టే.

నంబరు వేసినవారు కూడా ఒకసారి సరిచూసుకోవాలి. మొత్తం పదిహేను అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తర్వాతి పది పాన్ నంబరు. రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాలున్నవారికి రెండు నంబర్లుంటాయి. విజయవాడ చిరునామా పెట్టి 36తో మొదలయ్యే నంబరు వేస్తే లెక్క కుదరదు. పేరు కూడా బోర్డు మీదిది కాకుండా రిజిస్ట్రేషన్ మీద ఉన్నదే ఉండాలి. ఖాతా తెరిచేటప్పుడు వ్యక్తిగతమా, సంస్థా అని అడుగుతారు. వ్యాపారానికి సంస్థ అనే ఎంచుకోండి, ఆ ఎంపిక తర్వాత మారదు. ఖాతా కరెన్సీ కూడా అంతే.

డబ్బు కట్టగానే వచ్చే రసీదును ఇన్వాయిస్ అనుకుని ఆడిటర్‌కు పంపేవారు చాలామంది. రసీదు డబ్బు అందిందని చెబుతుంది, అంతే. పన్ను ఇన్వాయిస్ నెల ముగిశాక తర్వాతి నెల మొదట్లో బిల్లింగ్‌లోని డాక్యుమెంట్స్‌లో కనిపిస్తుంది. దాని మీద ఇద్దరి జీఎస్టీ నంబర్లు, ఐజీఎస్టీ మొత్తం, ఇంటర్నెట్ ప్రకటనలకు ఉన్న 998365 అనే సేవా కోడ్ ఉంటాయి. ఇక ప్రకటనల పని ఏజెన్సీకి అప్పగించినవారు ఒక్క మాట అడగాలి, డబ్బు ఎవరి ఖాతాలోంచి పోతోంది అని. ఏజెన్సీ తన ఖాతాలో నడిపితే గూగుల్ ఇన్వాయిస్ ఏజెన్సీ పేరుతోనే వస్తుంది. దాన్ని పట్టుకుని మనం క్రెడిట్ అడగలేం. ఏజెన్సీ తన జీఎస్టీ నంబరుతో మనకు వేరే ఇన్వాయిస్ ఇవ్వాలి, అందులో ప్రకటనల ఖర్చూ పన్నూ విడిగా కనిపించాలి.

మరి ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా? నెలకు పది, పదిహేను వేలకు మించి ఖర్చు పెట్టనివారికి, కార్డు మీద కోతలంటే గుబులు పడేవారికి ప్రీపెయిడ్ సరిపోతుంది. నిల్వ చూసుకోవడమే వారి పని. రోజూ ప్రకటనలు నడవాల్సిన వ్యాపారానికి పోస్ట్‌పెయిడ్ నయం, కాకపోతే గీత పెరిగినప్పుడల్లా ఒక కన్నేసి ఉంచాలి. ఒకసారి ఎంచుకున్నాక ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం అన్ని ఖాతాలకూ కుదరదు కాబట్టి, మొదటి రోజే ఆలోచించుకోవడం మేలు. పెద్ద కంపెనీలకు నెలవారీ బిల్లు, అరువు సదుపాయం వేరుగా ఉన్నాయి. చిన్న దుకాణాలకు వాటితో పని లేదు.

ఈ పండగకు ప్రకటన పెట్టబోయేవారు బడ్జెట్ పెంచే ముందు రోజే బిల్లింగ్ పేజీ తెరవండి. థ్రెషోల్డ్ ఇప్పుడు ఎంతుందో చూడండి. అది 15,000 దాటి ఉంటే కోత కోసం ఎదురుచూడకుండా ముందుగా మీరే కట్టే రోజులను క్యాలెండర్‌లో రాసుకోండి. అదే పేజీలో మీ జీఎస్టీ నంబరు సరిగ్గా ఉందో లేదో చదివి, ఆ తర్వాతే బడ్జెట్ మార్చండి.